షూరిటీ అడిగిన తోటి సారుకు ‘కాదు’ చెప్పాలంటే: ఏ మాట నిలుస్తుంది, ఏ మాట కారుతుంది

“మొదటి రోజే కాదంటే ఇంకొకర్ని అడుగుతుంటి గదా తమ్మీ. పన్నెండు రోజులు నన్నెందుకు తిప్పుకున్నవ్?”

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బస్సు దిగి నడుస్తుంటే మా సోషల్ సారు అడిగిన మాట ఇది. నేను షూరిటీ సంతకం పెట్టలేదని కాదు ఆయన బాధ. పెట్టనని చెప్పలేదని.

ఆయనది ఐదు లక్షల చిట్టీ. ఇరవై ఐదు నెలలు, నెలకు 20 వేలు. ఆరో నెల పాటలో లేపాడు. పైసలు చేతికి రావాలంటే ముగ్గురు ఉద్యోగుల షూరిటీ కావాలన్నారు. ఇద్దరు దొరికారు. మూడో పేరు నాది రాసుకున్నాడు. ఎందుకంటే స్టాఫ్ రూంలో అడిగిన రోజు నేనన్న మాట “చూద్దాం అన్నా”. తర్వాత “ఈ నెల పే స్లిప్ రానీయ్” అన్నాను. ఆ తర్వాత “హెడ్మాస్టర్ సారు సంతకం గావాలె గదా, లీవులున్నడు” అన్నాను. అన్నీ నిజాలే. అయితే నా మనసులో సంతకం పెట్టే ఆలోచన మొదటి రోజు నుంచీ లేదు. ఈలోపు పాటలో తగ్గించుకున్న సొమ్ము ఎటూ పోయింది, చిట్టీ వాయిదా కట్టాల్సిన రోజు మళ్ళీ వచ్చింది, బిడ్డ కాలేజీ ఫీజు గడువు ముంచుకొచ్చింది. రెండు రూపాయల మిత్తికి బయట తెచ్చి కట్టాడు. ఆ మిత్తి నా ‘చూద్దాం’ ఖరీదు. నేను మెత్తగా మాట్లాడుతున్నాననే అనుకున్నాను.

ఆనాటి నుంచి ఈ ఒక్క సందర్భం మీద చాలా ఆలోచించాను. మన దగ్గర స్టాఫ్ రూంలో ఇది ఏడాదికి ఒకసారైనా వచ్చేదే. కాదని చెప్పడానికి మనవాళ్ళు వాడే మాటలు ఐదారు రకాలు ఉన్నాయి. వాటిలో ఏది నొప్పిస్తుంది, ఏది ఆశ పెడుతుంది, ఏది రెండూ చెయ్యకుండా నిలబడుతుంది అన్నది చూద్దాం. (ఈ ‘చూద్దాం’ నిజమైన చూద్దామే.)

ముందు, కాదనడానికి నిజమైన కారణం

కారణం మీ మనసులో గట్టిగా లేకపోతే ఏ మాటా నిలవదు, అందుకే కొంచెం లెక్క. షూరిటీ అంటే ‘పేరుకు ఒక సంతకం’ అని అందరం అనుకుంటాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే బాధ్యత. ముందు అసలు మనిషి వెంటపడి, ఆయన దగ్గర దొరకకపోతేనే మన దగ్గరికి రావాలన్న నియమం కూడా లేదు. 1968లో బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది.

పై చిట్టీనే తీసుకోండి. మనిషి పదో నెల దాకా కట్టి ఆపేశాడనుకుందాం. మిగిలినవి పదిహేను వాయిదాలు, మూడు లక్షలు. ముగ్గురు షూరిటీలు కాబట్టి తలా లక్ష అని అనుకుంటాం. కంపెనీ మాత్రం మూడు లక్షలూ మీ ఒక్కరి దగ్గరే అడగవచ్చు. కట్టాక మిగతా ఇద్దరి దగ్గర వాళ్ళ వంతు వసూలు చేసుకునే హక్కు మీకు ఉంటుంది, ఆ తిరుగుడు మాత్రం మీదే. వ్యవహారం జీతం జప్తు దాకా పోతే, కొన్ని భత్యాలు పక్కన పెట్టి, మొదటి 1,000 రూపాయలూ మిగతాదాంట్లో మూడింట రెండు వంతులూ వదిలి, ఆ మిగిలిన వంతు నెలనెలా కోస్తారు. ఒక డిక్రీ కింద అలా 24 నెలల దాకా నడుస్తుంది.

ఇంతా చెప్పింది తోటి సారుకు వినిపించమని కాదు. వినిపిస్తే “అంటే నేను ఎగ్గొడతననా?” అంటాడు. అది మీ దగ్గర ఉంచుకోవాల్సిన లెక్క.

కారే మాటలు

‘చూద్దాం’ సంగతి చెప్పాను. దాని చుట్టాలు ఇంకా ఉన్నాయి. “ఇప్పుడైతే వద్దన్నా” అంటే వచ్చే నెల అడగవచ్చని అర్థం. “ఈసారికి వదిలెయ్ అన్నా” అంటే ఇంకోసారికి ఒప్పుకున్నట్టే. “కొంచెం ముష్కిలే” అనేది మన దగ్గర బాగా నడిచే మాట. పాలమూరు వైపు, నల్లగొండ వైపు పెద్దవాళ్ళు కొందరు దాన్ని ఖాయంగా ‘కాదు’ అనే అర్థంలోనే వాడతారు. విన్నవాళ్ళకు మాత్రం ‘కొంచెం’ ఒక్కటే వినబడుతుంది. అవసరంలో ఉన్న మనిషి చెవి అలాంటిది. పది మాటల్లో తొమ్మిది కాదని, ఒకటి ఔనేమోనని ఉంటే ఆ ఒక్కదాన్నే ఇంటికి తీసుకుపోతాడు.

మీ మాట కారిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. మీరు చెప్పాక ఎదుటి మనిషి “సరే, మళ్ళెప్పుడు కలవమంటరు?” అన్నాడంటే మీరు కాదనలేదన్నమాట. “మరి ఎవర్ని అడగాలె?” అన్నాడంటే అన్నారు.

‘పెట్టలేను’, ‘పెట్టను’ మధ్య తేడా

మనకు మర్యాదగా అనిపించేది ‘పెట్టలేను’. ఆ ‘లే’ ఉన్నందువల్ల తప్పు మనది కాదు, ఏదో అడ్డం ఉంది అన్నట్టు వినిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే. అడ్డం ఉందంటే ఎదుటి మనిషి దాన్ని తీసెయ్యడానికి చూస్తాడు, అందులో తప్పు లేదు. “పే స్లిప్ లేదన్నా” అంటే “నేను ట్రెజరీ నుంచి తెప్పిస్త” అంటాడు. “హెడ్మాస్టర్ సంతకం ఇయ్యడు” అంటే “నేను మాట్లాడుత” అంటాడు. రెండు రోజుల్లో అడ్డాలన్నీ పోతాయి, మీరు మిగులుతారు. అప్పుడు పెట్టనంటే మొదటి రోజు అన్నదానికంటే పదింతలు గుచ్చుకుంటుంది.

అడ్డం నిజంగా ఉంటే ‘లేను’ సరైన మాటే. ఇప్పటికే ఇద్దరికి సంతకాలు పెట్టి ఉండి, కంపెనీ వాళ్ళే మూడోదానికి మీ జీతాన్ని ఒప్పుకోము అంటే “పెట్టలేను” అనండి, ఎందుకో చెప్పండి. లేని అడ్డం కల్పించడం మాత్రం స్టాఫ్ రూంలో నడవదు. మీరు పోయినేడు ఎవరికి సంతకం పెట్టారో, ఎవరికి పెట్టలేదో అటెండరుకు కూడా తెలుసు.

ఇక వట్టి ‘పెట్టను’. “షూరిటీ ఉండవా?” “ఉండను.” ఇది సాఫ్‌గానే ఉంది, తిప్పుకోవడం లేదు. అయితే మొహం మీద తలుపేసినట్టుంటుంది. ఎందుకుంటుంది? ఎదుటివాడు దాన్ని ‘నీకు పెట్టను’ అని వింటాడు కాబట్టి.

తెలుగులో ఈ రూపానికి ఇంకో అర్థం కూడా ఉంది. “నేను సిగరెట్ తాగను” అంటే ఇప్పుడు నువ్విచ్చినది తాగనని కాదు, నాకు ఆ అలవాటు లేదని. ఇచ్చినవాడు నొచ్చుకోడు, పెట్టె జేబులో పెట్టుకుంటాడు. ‘సంతకం పెట్టను’ కూడా ఈ రెండో అర్థంలోకి మారవచ్చు. అందుకు కావలసింది రెండు చిన్న మాటలే. ‘సంతకం’ను ‘సంతకాలు’ చెయ్యాలి, ‘ఎవరికీ’ చేర్చాలి. “నేను షూరిటీ సంతకాలు పెట్టనన్నా. ఎవరికీ పెట్టలే.” క్రియ అంతే గట్టిగా ఉంది, అందులో ఒక్క అక్షరం కూడా కరగలేదు. దాని గురి మాత్రం ఆయన మీద నుంచి మీ అలవాటు మీదికి జరిగింది. నాకు తెలిసిన అన్నిటిలోకి ఇదే నిలబడే మాట.

దీనికి ఒక్కటే షరతు, అది నిజమై ఉండాలి. పోయినేడు సైన్స్ సారుకు పెట్టి ఈసారి “ఎవరికీ పెట్టను” అంటే మీ పని అయిపోయినట్టే. అలాంటప్పుడు “ఒకరికి పెట్టిన. ఆ చిట్టీ అయిపోయేదాక రెండోది పెట్టొద్దనుకున్న” అనండి. ఇందులో ‘అయిపోయేదాక’ ఉంది కాబట్టి ఆశ ఉంటుంది, అది నిజమైన ఆశే. చిట్టీ అయ్యాక కూడా పెట్టే ఉద్దేశం లేకపోతే ఆ మాట కూడా తీసెయ్యండి.

ఇంటి మీదికి నెట్టడం

“మా ఇంట్ల ఒప్పుకోరన్నా” అనేది మనలో సగం మంది వాడే తోవ. నేనూ వాడాను. చిక్కేమిటంటే, ఊళ్ళు చిన్నవి. దేవరకొండ రోడ్డు బస్సులో రోజూ కలిసి తిరిగేవాళ్ళం, పెండ్లిళ్ళకు కుటుంబాలతో కలిసేవాళ్ళం. ఒకసారి నేను అలా చెప్పిన మనిషి ఆదివారం నేరుగా ఇంటికొచ్చి “వదినా, ఒక్క సంతకం, మీరు చెప్తే అన్న వింటడు” అన్నాడు. మా ఆమెకు సంగతే తెలియదు. ఆ సాయంత్రం జరిగిన లొల్లి షూరిటీ గురించి కాదు, ఆమె పేరు ఎందుకు పెట్టానన్నదాని గురించి.

దీనికి దగ్గరగా ఉన్నా వేరే మాట ఒకటి ఉంది: “మేమిద్దరం ఎప్పుడో అనుకున్నం, షూరిటీలకు పోవద్దని.” ఇందులో మీరూ ఉన్నారు. భార్య వెనక దాక్కోవడం లేదు. నిజంగా అనుకుని ఉంటే దీన్ని వాడుకోవచ్చు. లేకపోతే ఈరోజే ఇంట్లో అనుకోండి, అరగంట పని.

మాట చివర్న క్రియ ఉండడం వల్ల వచ్చే తిప్పలు

ఇది తెలుగులో మాట్లాడేవాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మెత్తగా చెప్పాలని ఇలా మొదలుపెడతాం: “మీరంటే నాకు గౌరవం, మీరు నాకు చేసిన సాయం మర్చిపోలే, బిడ్డ సదువు సంగతి నాకూ తెలుసు, చెయ్యాలనే ఉంది గానీ…” క్రియ వాక్యం చివర్న గానీ రాదు. అంతవరకు ఎదుటి మనిషి మొహం విచ్చుకుంటూనే ఉంటుంది. ఆ మొహం చూసి మనకు నోరు రాదు. చివరికి ‘పెట్టలేను’ అనాల్సిన చోట ‘చూద్దాం’ అనేస్తాం. నా పన్నెండు రోజులు అలాగే మొదలయ్యాయి.

కాబట్టి మెత్తదనాన్ని ముందు వాక్యంలో కాదు, తర్వాతి వాక్యంలో పెట్టండి. మొదటి వాక్యం చిన్నది, క్రియతో ముగిసిపోయేది. పిలుపు ఒక్కటి ముందుంటే చాలు: ‘అన్నా’, ‘మేడం’, ‘తమ్మీ’. గౌరవం అంతా ఆ పిలుపులో, గొంతులో, మీరు పని ఆపి ఆయన వైపు తిరగడంలో ఉంటుంది. పొగడ్తలో ఉండదు. ‘కాదు’కు ముందు వచ్చే పొగడ్తను ఎవరైనా పసిగడతారు.

“మీ మీద నమ్మకం లేక కాదు” అన్న వాక్యం గురించి కూడా ఒక మాట. చాలామంది దీన్ని మంచి మందు అనుకుంటారు. నాకు మాత్రం ఇది అడగని ప్రశ్నకు జవాబులా వినిపిస్తుంది. ఆయన మనసులో లేని అనుమానాన్ని మీరే తెచ్చి పెట్టినట్టవుతుంది. ఆయనే ఎత్తితే అప్పుడు చెప్పండి.

ఒక సంభాషణ, జరిగింది జరిగినట్టు

సోషల్ సారు సంగతి జరిగిన రెండేళ్ళకు మా పీఈటీ అడిగాడు. నాకంటే పదేళ్ళు చిన్న. ఈసారి స్టాఫ్ రూంలో జవాబు చెప్పలేదు. “గ్రౌండ్ల నడుద్దాం రా” అని బయటికి తీసుకుపోయాను, అదే పూట. నలుగురి ముందు కాదంటే ఆ నలుగురూ జ్ఞాపకం ఉంటారు. రేపటికి వాయిదా వేస్తే ఆ రాత్రంతా ఆయన ఆశతో ఉంటాడు.

“తమ్మీ, నేను షూరిటీ సంతకాలు పెట్టను. ఇప్పటిదాక ఎవరికీ పెట్టలే. మా బావమరిది అడిగినా గిదే చెప్పిన.”

“ఒక్క సంతకమే గదన్నా. నేను పైసా ఎగ్గొట్టేటోన్నా? మీకు తెల్వదా?”

“తెలుసు. నువ్వు కడతవ్. అయినా నేను పెట్టను.”

ఆ ‘అయినా’ దగ్గర కొంచెం ఆగాలి. ఆయన కడతాడా లేదా అన్న వాదంలోకి దిగితే మనం ఓడిపోతాం. కట్టే మనిషే కాబట్టి ఓడిపోవడం న్యాయం కూడా. అందుకే ఆ మాట ఒప్పుకుని పక్కన పెట్టాలి. నా సంతకానికీ ఆయన నిజాయితీకీ ముడి వెయ్యకూడదు.

“సర్వీసుల మొదటిసారి అడిగిన అన్నా మిమ్మల్ని.”

“అవును తమ్మీ. నాకూ మంచిగనిపిస్తలేదు. పెట్టను మాత్రం పెట్టను.”

ఇక్కడ కొత్త కారణం చెప్పలేదు. రెండోసారి అడిగినప్పుడు రెండో కారణం, మూడోసారి మూడోది చెప్పుకుంటూ పోతే మొదటిది వట్టిదని మనమే ఒప్పుకున్నట్టు. అవే మాటలు, అదే గొంతు. కాసేపు ఇద్దరం ఊరికే నడిచాం. ఆ నిశ్శబ్దం బరువుగానే ఉంది. దాన్ని నింపాలని నోరు తెరిస్తేనే ‘సరే తీ, చూద్దాం’ వచ్చి పడుతుంది.

“మరి మూడో సంతకానికి ఎవర్ని అడగాలె?” అన్నాడు చివరికి.

అప్పుడు చెప్పాను. మనిషి షూరిటీ బదులు ఫిక్స్‌డ్ డిపాజిట్టో, ఎల్ఐసీ బాండో తీసుకునే కంపెనీలు ఉంటాయి, మీ వాళ్ళు తీసుకుంటారేమో అడుగు, రేపు సాయంత్రం నేను నీతోటి వస్తాను అని. వెళ్ళాను కూడా. బాండు పాతది కాదు, ఇప్పుడు సరెండర్ చేస్తే వచ్చేది తక్కువ, సరిపోదన్నారు. చివరికి ఆర్టీసీలో పనిచేసే వాళ్ళ మేనమామ సంతకం పెట్టాడు. నా సలహా పనికిరాలేదు, వెంట నడిచిన సాయంత్రం మాత్రం పనికొచ్చినట్టుంది. రెండు రోజులు ముభావంగా ఉండి మూడో రోజు టీ కప్పు నా ముందు పెట్టాడు.

ఇలా బదులుగా ఏదైనా ఇవ్వజూపేటప్పుడు జాగ్రత్త ఒకటుంది. మీరు తప్పకుండా చెయ్యగలిగినది, చిన్నది, తేదీ ఉన్నది అయితేనే నోరు విప్పండి. “ఇంకేదన్న ఉంటే తప్పకుండా చెప్పు అన్నా” అనేది మళ్ళీ కారే మాటే. చేతి బదులు పదివేలు ఇవ్వగలిగితే పదివేలే అనండి, ఇవ్వలేకపోతే ఏమీ అనకండి. బదులు ఏమీ లేని ‘కాదు’ కూడా మర్యాదగా ఉండగలదు.

వాట్సాప్‌లో అడిగితే? ఫోన్ చెయ్యండి. దండం బొమ్మ పెట్టిన ‘సారీ సార్’ను ఎలాగైనా చదువుకోవచ్చు.

అన్ని కోరికలూ షూరిటీలు కావు

పైన చెప్పిన గట్టిదనం సంతకాలకూ, అప్పులకూ, ఏళ్ళ తరబడి మెడకు చుట్టుకునేవాటికీ. పీరియడ్ చూసుకోమనడం, ఎన్నికల డ్యూటీ ట్రైనింగుకు కలిసి పోదామనడం, పదో తరగతి ఇన్విజిలేషన్ మార్చుకుందామనడం లాంటివాటికి “ఎవరికీ చెయ్యను” అనడం మొరటుతనం. అక్కడ ‘కుదరదు’ సరిపోతుంది. అడ్డం నిజంగానే సమయానిది, అది రేపు పోతుంది, రేపు అడిగితే తప్పు లేదు. అక్కడ ఏది కుదురుతుందో కూడా చెప్పాలి.

సోషల్ సారుకు నామీద కోపం ఏడాదిపాటు ఉంది, దాచుకోలేదు కూడా. పోయిన నెల స్టాఫ్ రూంలో నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“షూరిటీ గాదులే. రేపు ఫస్ట్ పీరియడ్ చూస్కుంటవా, ఆస్పత్రికి పోవాలె.”

“ఫస్ట్ పీరియడ్ కుదరదన్నా, నాకు టెన్త్ ఉంది. సెకండ్ అయితే చూస్కుంట.”

ఆయన తల ఊపి, అక్కడి నుంచే హిందీ మేడం వైపు తిరిగాడు. “మేడం, రేపు ఫస్ట్ పీరియడ్ మీకు ఖాళీయేనా?”